హైపో, యాసిడ్: ఎవరూ కలపకుండానే కలిసేది ఎక్కడ?

ప్రశ్న: మాది చిన్న హాస్పిటల్ ల్యాబ్. మొన్న సాయంత్రం డిస్కార్డ్ బకెట్‌లోని హైపో, అంటే బ్లీచ్ ద్రావణం, సింక్‌లో పారబోసి, వెంటనే అదే సింక్ మీద క్షయ పరీక్ష కోసం ఏఎఫ్‌బీ స్లైడ్లు స్టెయిన్ చేశాం. కాసేపటికి ఘాటు వాసన, ఇద్దరికి ఆగని దగ్గు. బ్లీచ్‌లో యాసిడ్ కలపకూడదని మాకు తెలుసు, గోడ మీద చార్టు కూడా ఉంది. కానీ మేం ఏదీ కలపలేదు కదా? ఇలాంటివి ముందే ఎలా గుర్తుపట్టాలి, మళ్ళీ జరగకుండా ఏం చేయాలి?

సమాధానం:

కలిసింది. సింక్ కింద వంపు తిరిగిన గొట్టంలో కలిసింది. దుర్వాసన పైకి రాకుండా ఆ వంపులో ఎప్పుడూ కొంత ద్రవం నిలిచి ఉంటుంది, సింక్‌ని బట్టి అర లీటరు దాకా. బకెట్ పారబోశాక నీళ్ళు ధారాళంగా వదలకపోతే ఆ వంపులో మిగిలేది మీ హైపోనే. ఆ తర్వాత స్లైడ్ల మీంచి కారిన డీకలరైజర్, అంటే అదనపు రంగు తీసేసే ద్రవం, నేరుగా వెళ్ళి దానిలో పడింది. ఏఎఫ్‌బీ స్టెయిన్‌లో డీకలరైజర్ అంటే మన దగ్గర చాలాచోట్ల 25 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్, కొన్నిచోట్ల 3 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపిన స్పిరిట్. సీసా మీద 'డీకలరైజర్' అని ఉంటుంది, చార్టులో 'ఆమ్లం' అని ఉంటుంది. ఆ రెండూ ఒకటేనని పని హడావుడిలో ఎవరికీ తట్టదు. ప్రమాదకరమైన కలయికల విషయంలో అసలు చిక్కు ఇదే. ఏది దేనితో కలపకూడదో తెలియక జరిగేవి తక్కువ. చేతిలో ఉన్నది ఫలానా జాతి పదార్థమని తట్టక, పోస్తున్న చోట అంతకుముందు ఏముందో తెలియక జరిగేవే ఎక్కువ.

మొదట హైపో లోపల ఏముందో చూద్దాం. అది తెలిస్తే పేర్లు బట్టీ పట్టే పని సగం తప్పుతుంది.

హైపో అంటే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం. దాన్ని తయారు చేసేదే కాస్టిక్ సోడా ద్రావణంలోకి క్లోరిన్ వాయువు పంపి. అంటే అది క్షారం పట్టి ఉంచిన క్లోరిన్. తయారీలోనే దాదాపు సమానంగా ఉప్పు కూడా ఏర్పడి అందులోనే ఉండిపోతుంది. పీహెచ్ 11 నుంచి 13 మధ్య ఉన్నంతకాలం క్లోరిన్ కదలదు. యాసిడ్ పడి పీహెచ్ 7.5 దగ్గరికి దిగితే సగం హైపోక్లోరస్ ఆమ్లంగా మారుతుంది. ఇంకా దిగి 4, 5 దాటితే, ద్రావణంలోనే ఉన్న ఉప్పులోని క్లోరైడ్‌తో కలిసి క్లోరిన్ వాయువుగా బయటపడుతుంది:

NaOCl + NaCl + 2H⁺ → Cl₂ + H₂O + 2Na⁺

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్ అయితేనే క్లోరిన్ వస్తుందని చాలామంది అనుకుంటారు. కావలసిన క్లోరైడ్ హైపోలో ముందే ఉంది కాబట్టి ఏ యాసిడ్ అయినా ఆ పని చేస్తుంది. సల్ఫ్యూరిక్, అసిటిక్, సిట్రిక్, ట్రైక్లోరోఅసిటిక్, దేనికీ మినహాయింపు లేదు. బలమైనది వెంటనే చేస్తుంది, బలహీనమైనది నెమ్మదిగా చేస్తుంది.

ఇప్పుడు మీ సింక్ లెక్క వేద్దాం. గొట్టం వంపులో అర లీటరు 1 శాతం హైపో ఉందనుకోండి. అందులో సోడియం హైపోక్లోరైట్ 5 గ్రాములు. అది మొత్తం విడిపోతే వచ్చే క్లోరిన్ గది ఉష్ణోగ్రతలో సుమారు 1.6 లీటర్లు. దానికి కావలసిన 25 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ (ఒక వంతు గాఢ యాసిడ్, మూడు వంతుల నీళ్ళు) 15 మిల్లీలీటర్లు, హైపోలో అదనంగా ఉన్న క్షారానికి ఇంకాస్త. ఒక స్లైడ్ నిండా పోస్తే 4, 5 మిల్లీలీటర్లు పడుతుంది. అంటే నాలుగు స్లైడ్ల డీకలరైజర్ చాలు.

వచ్చిన క్లోరిన్ అంతా గదిలోకి రాదు. కొంత నీళ్ళలో కరుగుతుంది, కొంత కుళాయి నీటితో కిందికి పోతుంది. ఐదో వంతే పైకి వచ్చిందనుకుందాం, అంటే మూడో వంతు లీటరు. గది 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు అయితే అందులో గాలి 36,000 లీటర్లు. గదంతా సమానంగా కలిసినా 9 పీపీఎం వస్తుంది. ప్రాణానికి తక్షణ ముప్పు ఉన్న స్థాయిగా అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయాష్ పెట్టిన హద్దు 10 పీపీఎం. పైగా గదంతా సమానంగా కలవదు. క్లోరిన్ గాలికంటే రెండున్నర రెట్లు బరువు కాబట్టి సింక్ తొట్టెలోనే పేరుకుంటుంది. స్టెయిన్ చేసే మనిషి ముఖం సరిగ్గా దాని మీదే వంగి ఉంటుంది. మీలో ఇద్దరికే దగ్గు వచ్చి మిగతావాళ్ళకు రాకపోవడానికి కారణం బహుశా ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నదే.

దగ్గిన ఆ ఇద్దరి గురించి ఒక మాట. క్లోరిన్ ఊపిరితిత్తుల్లో నీరు చేరడం లాంటి హానిని వెంటనే కాకుండా కొన్ని గంటల తర్వాత కూడా చూపించగలదు. ఒక రోజు దాకా గమనించడం మంచిది. ఆయాసం, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, పిల్లికూతలు, నురగ కఫం, వీటిలో ఏది కనిపించినా డ్యూటీ డాక్టర్‌కి 'క్లోరిన్ పీల్చాను' అని స్పష్టంగా చెప్పాలి. ఆస్తమా ఉన్నవాళ్ళు లక్షణాలు ముదిరేదాకా ఆగకూడదు.

ఇక గుర్తుపట్టడం. గోడ మీది చార్టు తీసేయమని చెప్పను, కానీ దాని భాష మీ సీసాల భాష కాదు. 'ఆక్సీకరణులు', 'ఆమ్లాలు', 'అమ్మోనియా సమ్మేళనాలు' అని అది వర్గాలు చెబుతుంది. మీ అలమరలో ఉన్నవి వాడుక పేర్లు. కాబట్టి ఒక పూట కూర్చుని ఒక పని చేయండి. ల్యాబ్‌లో ఉన్న ప్రతి సీసా, ప్రతి కిట్‌లోని ప్రతి బఫర్, బాత్రూమ్‌లో ఉన్న ప్రతి క్లీనర్ తీసి, తయారీదారు ఇచ్చే సేఫ్టీ డేటా షీట్‌లో రెండు చోట్లు చూడండి. 3వ విభాగంలో లోపల ఏముందో ఉంటుంది. 10వ విభాగంలో దేనితో పడదో ఉంటుంది. 9వ విభాగంలో పీహెచ్ ఇస్తే అదీ రాసుకోండి. తర్వాత సీసా మీద శాశ్వత మార్కర్‌తో పెద్దగా ఒక్క మాట రాయండి: యాసిడ్, క్షారం, క్లోరిన్, స్పిరిట్, కిట్ బఫర్. ఈ ఐదు మాటలతో చిన్న హాస్పిటల్ ల్యాబ్‌లో దాదాపు అన్నీ కవర్ అవుతాయి. రెండు జాతులు ఉంటే రెండూ రాయాలి. పైన చెప్పిన యాసిడ్ కలిపిన స్పిరిట్ అలాంటిదే. జెల్ డీస్టెయిన్ ద్రావణం కూడా అంతే, అందులో అసిటిక్ యాసిడ్, మిథనాల్ రెండూ ఉంటాయి.

ఈ వెతుకులాటలో యాసిడ్ అని తట్టని యాసిడ్లు బయటపడతాయి. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడే. డిస్టిల్లేషన్ ప్లాంట్‌లో పొలుసు తీసే పొడి తరచుగా సిట్రిక్ లేదా సల్ఫామిక్ యాసిడ్. తుప్పు మరకలు తీసే ద్రవం, ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం, మూత్రంలో ప్రోటీన్ చూసే సల్ఫోసాలిసిలిక్ యాసిడ్, ఇవన్నీ ఆ జాతివే. అటువైపు క్లోరిన్ జాతి కూడా రకరకాల వేషాల్లో ఉంటుంది. బ్లీచింగ్ పౌడర్, నీళ్ళ ట్యాంక్‌లో వేసే క్లోరిన్ బిళ్ళలు, నేల తుడిచే వాసన ద్రవాల్లో కొన్ని.

'హైపో' అనే మాట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. హాస్పిటల్ ల్యాబ్‌లో హైపో అంటే సోడియం హైపోక్లోరైట్. కెమిస్ట్రీ ల్యాబ్‌లో, పాతకాలం ఎక్స్‌రే డార్క్‌రూమ్‌లో హైపో అంటే సోడియం థయోసల్ఫేట్. ఒకటి ఆక్సీకరణి, రెండోది దాన్ని చంపే విరుగుడు. రెండు చోట్లా పనిచేసిన మనిషి కొత్తగా చేరితే ఒకరు అడిగింది ఒకటి, ఇంకొకరు తెచ్చేది ఇంకొకటి అవుతుంది. మాటల్లో ఎలా పిలుచుకున్నా సరే, సీసా మీద మాత్రం పొట్టి పేరు ఉండకూడదు.

లేబుల్ చెరిగిన సీసా దొరికితే వాసన చూసి తేల్చవద్దు. చిన్న డ్రాపర్‌తో ఒక చుక్క పీహెచ్ పేపర్ మీద, ఇంకో చుక్క స్టార్చ్ అయోడైడ్ పేపర్ మీద వేయండి. హైపో అయితే పీహెచ్ పేపర్ ముందు నీలం వైపు మారి, చూస్తుండగానే రంగు వెలిసి తెల్లబడుతుంది. పేపర్‌లోని రంగునే అది తినేస్తుంది. స్టార్చ్ అయోడైడ్ పేపర్ ముదురు నీలంగా మారుతుంది. ద్రావణం గాఢంగా ఉంటే ఆ నీలం కూడా మళ్ళీ వెలిసిపోవచ్చు, అందుకే చుక్క వేసిన మొదటి క్షణమే చూడాలి. పీహెచ్ పేపర్ ఎర్రబడి అలాగే నిలిస్తే యాసిడ్. రెండూ ఏమీ చెప్పకపోతే దాన్ని దేనితోనూ కలపకుండా విడిగా పెట్టి, తెలియని పదార్థంగానే పారవేతకు పంపాలి.

రెండు కొత్త రసాయనాలు కలిస్తే ఏమవుతుందో చూడటానికి అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా ఉచితంగా నడిపే CAMEO Chemicals ఉంది. రెండు పేర్లు ఎంచుకుంటే వేడి పుడుతుందా, ఏ వాయువు వస్తుంది అన్నది చెబుతుంది. కాకపోతే దానికి రసాయనం పేరు కావాలి. 'డీకలరైజర్' అని టైప్ చేస్తే ఉపయోగం లేదు, కాబట్టి పైన చెప్పిన సీసాల పని చేసి తీరాలి.

యాసిడ్ కాకుండా మీలాంటి ల్యాబ్‌లో హైపోకి పడనివి ఇంకో మూడు ఉన్నాయి. వాటిలో మొదటిది ఎక్కువమందికి తెలియదు. ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ తీసే కిట్లలో లైసిస్ బఫర్ అనే సీసా ఉంటుంది. అందులో తరచుగా గ్వానిడిన్ థయోసయనేట్ ఉంటుంది. అది హైపోతో కలిస్తే సయనైడ్ జాతి విషవాయువులు వస్తాయి. కోవిడ్ పరీక్షలు ముమ్మరంగా జరిగిన 2020లో అమెరికా ఎఫ్‌డీఏ ఇదే విషయం మీద హెచ్చరిక ఇచ్చింది. ఈ రసాయనం ఉన్న స్వాబ్ ద్రవాన్ని బ్లీచ్ వాడే యంత్రాల్లో పెట్టవద్దని చెప్పింది. సూక్ష్మజీవి కలిసింది కదా అని వాడిన లైసిస్ బఫర్‌ని హైపో జార్‌లో పారబోయడం చేయి దానంతట అదే చేసేసే పని. ఆ ద్రవం హైపో జార్ దగ్గరికే రాకూడదు. కిట్ వ్యర్థాలకు విడిగా మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఉండాలి. బల్ల మీద ఒలికితే ముందు సబ్బు నీళ్ళతో బాగా తుడిచి, ఆ గుడ్డ తీసేశాక, అవసరమైతే అప్పుడు హైపో.

రెండోది అమ్మోనియా, యూరియా. నిల్వ ఉన్న మూత్రం గాఢ హైపోలో పడితే క్లోరమీన్లు వస్తాయి. కళ్ళు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. మూత్రం నమూనాలు హైపోతో కలిపి పారబోసే అలవాటు ఉంటే ఒక్కసారిగా పెద్ద మొత్తంలో పోయవద్దు, కిటికీ తెరిచి ఉంచండి. మూడోది స్పిరిట్. హైపోతో తుడిచిన బల్ల తడి ఆరకముందే 70 శాతం ఆల్కహాల్ చల్లితే క్లోరోఫాం లాంటి క్లోరిన్ సమ్మేళనాలు కొద్దికొద్దిగా పుడతాయి. బల్ల మీద ఆ మోతాదు చిన్నది. గ్రామ్ స్టెయిన్ అసిటోన్, ఆల్కహాల్ వంద మిల్లీలీటర్లు హైపో జార్‌లో పోస్తే మాత్రం వేడెక్కి పొంగుతుంది. హైపోకి, స్పిరిట్‌కి మధ్య మామూలు నీళ్ళ గుడ్డ ఒక్కసారి తిప్పితే సమస్య ఉండదు, స్టీలు బల్ల తుప్పు పట్టడం కూడా తగ్గుతుంది.

నివారణలో మొదటి మెట్టు స్థలం మార్చడం. మనుషుల జ్ఞాపకం మీద ఆధారపడే ఏర్పాటు ఏదో ఒక రద్దీ రోజున విఫలమవుతుంది. స్టెయినింగ్ ఒక సింక్ మీద, హైపో పారవేత ఇంకో సింక్‌లో జరగాలి. రెండు సింక్‌లు లేకపోతే స్టెయినింగ్‌ని సింక్ మీంచి తీసేయండి. లోతైన ప్లాస్టిక్ ట్రే మీద రాడ్లు పెట్టి స్లైడ్లు వేయండి. యాసిడ్, కడిగిన నీళ్ళు ట్రేలోకే వస్తాయి. దాన్ని గట్టి ప్లాస్టిక్ క్యాన్‌లోకి వంచి, 'స్టెయిన్ యాసిడ్ వ్యర్థం' అని రాసి, రోజు చివర సోడా బైకార్బనేట్ పొడి చెంచా చెంచాగా వేయండి. బుసబుస పొంగుతుంది, అందుకే క్యాన్ సగానికి మించి నిండి ఉండకూడదు, మూత బిగించకూడదు. పొంగు ఆగి పీహెచ్ పేపర్ 6, 8 మధ్య చూపిస్తే యాసిడ్ పని అయిపోయినట్టు. ఇందులో స్టెయిన్‌కి వాడే కార్బాల్ ఫక్సిన్ రంగులోని ఫీనాల్ కూడా ఉంటుంది కాబట్టి ఆ తర్వాత దాన్ని మీ హాస్పిటల్ రసాయన వ్యర్థాల పద్ధతి ప్రకారమే పంపాలి. ఆ క్యాన్‌లో హైపో చుక్క కూడా పడకూడదు.

రెండోవైపు హైపో. జార్ సింక్ కింద కాకుండా, యాసిడ్ సీసాలకు ఎదురు గోడ వైపు ఉండాలి. రోజూ కొత్తగా కలపండి. 5 శాతం ద్రావణం అయితే ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్ళు, 10 శాతం అయితే తొమ్మిది వంతులు. జార్ మీద తేదీ, గాఢత, 'యాసిడ్, స్పిరిట్, కిట్ బఫర్ వద్దు' అన్న మాట తెలుగులో రాయండి. సాయంత్రం పారబోసేముందు దాని బలం తీసేయడం మంచిది. లీటరు 1 శాతం హైపోకి సోడియం థయోసల్ఫేట్ పది గ్రాములతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. కాస్త వేడెక్కుతుంది. స్టార్చ్ అయోడైడ్ పేపర్ ఇక నీలం కాకపోతే చాలు. దీనికి యాసిడ్ తగలనివ్వకూడదు, థయోసల్ఫేట్ యాసిడ్‌లో గంధకపు ఘాటు వాయువు ఇస్తుంది. ఏ పద్ధతిలో పారబోసినా తర్వాత రెండు నిమిషాలు కుళాయి పూర్తిగా తిప్పి ఉంచండి. మామూలు కుళాయి నిమిషానికి ఏడెనిమిది లీటర్లు ఇస్తుంది, అంటే గొట్టం వంపులోని ద్రవం ముప్పై సార్లు మారినట్టు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కఫం, రక్తం పడిన హైపో సాయంత్రానికి చాలావరకు బలం కోల్పోతుంది, అందుకే రోజూ ఏమీ జరగనట్టే గడిచిపోతుంది. నమూనాలు తక్కువ వచ్చిన రోజు, లేదా ఎవరో హైపో కాస్త గాఢంగా కలిపిన రోజు, అదే అలవాటు ప్రమాదమవుతుంది. 'ఇన్నాళ్ళూ ఇలాగే చేశాం' అన్నది భద్రతకు రుజువు కాదు.

నిల్వ గురించి క్లుప్తంగా. మన ఎండాకాలంలో హైపో క్యాన్ నెమ్మదిగా ఆక్సిజన్ వదులుతుంది, అందుకే కంపెనీ మూతలకు సన్నని రంధ్రం ఉంటుంది. ఆ మూత పోయిందని వేరే బిగుతు మూత పెడితే క్యాన్ ఉబ్బుతుంది. ఇనుప, రాగి పాత్రల్లో పోయవద్దు, లోహం తగిలితే విచ్ఛిన్నం ఇంకా వేగం. యాసిడ్ క్యాన్, హైపో క్యాన్ రూపంలో ఒకేలా ఉండకూడదు. 2016 అక్టోబర్‌లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, అచిసన్ ఊళ్ళో ఒక కర్మాగారానికి సల్ఫ్యూరిక్ యాసిడ్ ట్యాంకర్ వచ్చింది. నింపే గొట్టాల మూతులు పక్కపక్కన ఒకేలా ఉండటంతో యాసిడ్‌ని హైపో ట్యాంక్‌లోకి ఎక్కించారు. ఊరి మీదికి క్లోరిన్ మేఘం లేచి 140 మందికి పైగా వైద్యం కోసం వెళ్ళారు. మీ అలమరలో ఒకే రకం తెల్ల క్యాన్లు రెండు పక్కపక్కన ఉంటే అదే ఏర్పాటు చిన్న కొలతలో ఉన్నట్టు.

మీ ప్రణాళికలో చాలామంది మరిచిపోయే మనిషి ఒకరున్నారు, శుభ్రం చేసే అమ్మ. ఆవిడ సాయంత్రం వచ్చి సింక్ పసుపు మరకలకు టాయిలెట్ యాసిడ్ పోసి తోముతుంది. అంతకు గంట ముందు మీరు అక్కడ హైపో పారబోసిన సంగతి ఆవిడకు తెలియదు. ల్యాబ్ సింక్‌లకు యాసిడ్ క్లీనర్ వాడకూడదు, సబ్బు పొడి చాలు. ఆవిడకు ఒక్కసారి దగ్గరుండి చూపించండి, యాసిడ్ సీసా బాత్రూమ్ గదిలోనే ఉంచి తాళం వేయండి. 2019 నవంబర్‌లో అమెరికాలోని మసాచుసెట్స్, బర్లింగ్టన్‌లో ఒక రెస్టారెంట్ వంటగదిలో ముందు నేల మీద యాసిడ్ క్లీనర్ ఒలికింది. తర్వాత వచ్చిన ఇంకొకరు ఆ సంగతి తెలియక క్లోరిన్ ఉన్న క్లీనర్ పోశారు. నేల ఆకుపచ్చగా మారి బుడగలు వచ్చాయి. చనిపోయింది దాన్ని బయటికి తోసేయడానికి వెళ్ళిన మేనేజర్.

ఆ చివరి వాక్యం కోసమే ఆ సంఘటన చెప్పాను. వాయువు వస్తున్నప్పుడు చాలామందికి కలిగే మొదటి కోరిక దాన్ని శుభ్రం చేయాలని. చేయకండి. హైపో వాడే ల్యాబ్‌లో క్లోరిన్ వాసన కొద్దిగా ఎప్పుడూ ఉంటుంది, ముక్కు దానికి అలవాటుపడి ఉంటుంది. కాబట్టి వాసన ఉందా అని కాదు, మారిందా అని చూడాలి. గొంతులో గుచ్చినట్టు ఉండటం, కళ్ళలో నీళ్ళు, జార్ లేదా సింక్‌లోంచి బుడగలు, గోరువెచ్చగా తగలడం, జార్ పై ఖాళీలో పసుపుపచ్చ ఛాయ, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చేతిలోది అక్కడే పెట్టి అందరూ బయటికి రావాలి. రంగు కనిపించేదాకా ఆగవద్దు, అది కనిపించే స్థాయి చాలా ఎక్కువ. కాసేపటికి వాసన తగ్గినట్టు అనిపించినా నమ్మవద్దు, ముక్కు అలిసిపోయి కూడా ఉండవచ్చు. బయటికి వస్తూ తలుపు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్ గది బయట ఉంటే వేయండి. మీది లోపల ఉంటే దాన్ని బయటికి మార్పించండి, ఎలక్ట్రీషియన్‌కి అది పెద్ద పని కాదు. ఏసీ గాలి పక్క వార్డుకి వెళ్ళేలా ఉంటే ఆపించాలి.

ఎన్95 మాస్క్ క్లోరిన్‌ని ఆపదు. అది ధూళి కోసం. వాయువుకు కావలసింది యాసిడ్ గ్యాస్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్, అదీ సరిగ్గా అమరేలా వాడటం నేర్చుకున్నవాళ్ళకే. మామూలు మాస్క్ ధైర్యంతో లోపలికి తిరిగి వెళ్ళవద్దు. పీల్చినవాళ్ళను నిటారుగా కూర్చోబెట్టి కదలనివ్వకండి, మెట్లు ఎక్కించవద్దు. కళ్ళు మండుతుంటే కుళాయి నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. ల్యాబ్ హాస్పిటల్‌లో లేకపోతే 108కి ఫోన్ చేసి క్లోరిన్ అని చెప్పండి.

ఇంకో పొరపాటు చాలా తెలివైనవాళ్ళు కూడా చేస్తారు. హైపోలో యాసిడ్ పడింది కదా అని పైనుంచి సోడా బైకార్బనేట్ చల్లడం. క్షారం కలిస్తే క్లోరిన్ తిరిగి హైపోగా మారుతుందన్నది సూత్రంగా నిజమే. కానీ యాసిడ్ మిగిలి ఉన్న ద్రవంలో బైకార్బనేట్ వేస్తే కార్బన్ డయాక్సైడ్ బుడగలు లేస్తాయి. ఆ బుడగలు ద్రవంలో కరిగి ఉన్న క్లోరిన్‌ని ఊడ్చుకుని గదిలోకి తెస్తాయి. సరిచేయాలంటే ఫ్యూమ్ హుడ్ లోపల, పలుచని కాస్టిక్ సోడా ద్రావణం నెమ్మదిగా పోస్తూ, అనుభవం ఉన్నవాళ్ళే చేయాలి. హుడ్ లేని ల్యాబ్‌లో జార్‌ని ముట్టుకోకుండా గాలి ఆడనిచ్చి వదిలేయడమే సరైనది. సింక్ గొట్టం అయితే గది గాలి శుభ్రపడ్డాక కుళాయి తిప్పి చాలాసేపు వదలండి, ముఖం తొట్టె మీదికి పెట్టకుండా.

చివరగా వ్యర్థాల సీసాల విషయం, ఇది హైపోకి మించినది. సింక్‌లో జరిగింది వెంటనే తెలిసింది, వాసన వచ్చింది. మూత బిగించిన సీసాలో జరిగేది వెంటనే తెలియదు. నైట్రిక్ యాసిడ్ మిగులు ఉన్న సీసాలో ఎవరైనా స్పిరిట్ లేదా అసిటోన్ పోస్తే మొదట ఏమీ కనిపించదు. మెల్లగా వేడెక్కి, వాయువు పుట్టి, గంటల తర్వాత, తరచుగా అందరూ ఇంటికి వెళ్ళాక, సీసా పేలుతుంది. అందుకని ప్రతి వ్యర్థ సీసాకు పక్కన ఒక కాగితం కట్టి, పోసిన ప్రతిసారీ ఏం పోశారో, ఎంత పోశారో, ఎవరు పోశారో రాయాలి. పోసేముందు పై వరసలు చదవాలి. నైట్రిక్ యాసిడ్‌కి, ద్రావకాలకి వేర్వేరు రంగుల మూతలు పెట్టండి. సీసాలో నాలుగో వంతు ఖాళీ ఉంచి, గాలి వదిలే మూత వాడండి. వెలుపలి గోడ వేడిగా తగిలినా, పక్కలు ఉబ్బినా దాన్ని తెరవడానికి ప్రయత్నించకుండా గది ఖాళీ చేయించాలి.

మీ ల్యాబ్‌లో రేపు ఉదయం మొదట చేయాల్సింది ఆ స్టెయినింగ్ రాక్‌ని సింక్ మీంచి తీసి ట్రే మీదికి మార్చడం. లేబుళ్ళ పని ఈ వారంలో చేసుకోవచ్చు, రాక్ మాత్రం తర్వాతి స్లైడ్ వేసేలోపే మారాలి.